లోన్ తీసుకోకపోయినా తీసుకున్నానని చెప్పమంటున్నారు, వెళ్ళొచ్చా?

ప్రశ్న: నేను తిరుచానూరులో చిన్న మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్, డబ్బు పడితే చెప్పే సౌండ్‌బాక్స్ ఉన్నాయి. మా వీధిలో ఉండే ఒక అక్క రీసెర్చ్ కంపెనీలకు మనుషుల్ని చూసిపెడుతుంది. పేమెంట్ యాప్‌లో షాపులకిచ్చే లోన్ గురించి గంటసేపు మాట్లాడితే 1,500 రూపాయలు ఇస్తారట. నేను ఆ లోన్ వివరాలు చూశాను గానీ తీసుకోలేదు. 'ఆరు నెలల్లోపే తీసుకున్నానని చెప్పు, అంతకు మించి ఏమీ అడగరు' అంటోంది. పోయిన నెల బట్టల సబ్బు గురించి ఒక గ్రూప్ మీటింగ్‌కి వెళ్ళాను, అది కూడా చెప్పొద్దంటోంది. అయినా ఫ్రిజ్ ఉందా, కారు ఉందా, ఎవరు ఎంతవరకు చదివారు అని ఇవన్నీ వాళ్ళకెందుకు? ఇది నిజమైన పనేనా, ఏదైనా మోసమా?
– ఒక సోదరి, తిరుచానూరు

సమాధానం:

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది నిజమైన పనిలాగే ఉందమ్మా. వెళ్ళండి, కానీ ఆ అబద్ధంతో వెళ్ళకండి. అక్కతో ఇలా అనండి: "అక్కా, నేను లోన్ చూశాను, తీసుకోలేదు. తీసుకోనివాళ్ళని కూడా పిలుస్తుంటే నా పేరు ఇవ్వు." ఇలా అంటే అవకాశం పోతుందనుకోవద్దు. ఇలాంటి స్టడీల్లో చాలాసార్లు తీసుకుని కడుతున్నవాళ్ళు ఒక వరస, ఒకసారి తీసుకుని మళ్ళీ వద్దనుకున్నవాళ్ళు ఇంకో వరస, చూసి వదిలేసినవాళ్ళు మరో వరస ఉంటారు. మూడో వరసలోవాళ్ళు దొరకడమే కష్టం. లోన్ తీసుకున్నవాళ్ళ లిస్టు యాప్ కంపెనీ దగ్గరే ఉంటుంది. చూసి ఎందుకు వదిలేశారో మాత్రం ఆ లిస్టులో రాసి ఉండదు.

అక్క ఎందుకలా చెబుతోందో కూడా తెలుసుకోండి. యాప్ కంపెనీ ఈ పనిని హైదరాబాద్, బెంగళూరు లేదా చెన్నైలోని రీసెర్చ్ ఏజెన్సీకి ఇస్తుంది. ఆ ఏజెన్సీ మనుషుల్ని వెతికే పనిని ఫీల్డ్ ఏజెన్సీకి ఇస్తుంది. వాళ్ళకి తిరుపతిలో ఇల్లిల్లూ తెలిసిన మనిషి కావాలి, ఆమే మీ అక్క. ఆమెకి తలకింత అని ఇస్తారు. చెప్పిన తేదీకి మనుషులు దొరక్కపోతే ఆమెకి ఆ డబ్బు రాదు. అందుకే మీ జవాబుని కాస్త అటూ ఇటూ సర్దుతోంది. మీ మీద కోపంతోనో, మిమ్మల్ని ముంచాలనో కాదు. కానీ రేపు గదిలో ఇరుక్కునేది మీరు, ఆమె కాదు.

ఇక ఆ ప్రశ్నల సంగతి. అక్క చేతిలో ఉండే కాగితాన్ని, లేదా ఫోన్లో వచ్చే ఫారాన్ని స్క్రీనర్ అంటారు. ఎవరిని లోపలికి తీసుకోవాలో, ఎవరికి అక్కడే నమస్కారం పెట్టాలో తేల్చడానికి రీసెర్చ్ చేసేవాళ్ళు రాసుకునే పది పదిహేను ప్రశ్నలే అవి. సాధారణంగా మొదట అడిగేది మీ ఇంట్లోగానీ దగ్గరివాళ్ళలోగానీ ఎవరైనా యాడ్ కంపెనీలోనో, మార్కెట్ రీసెర్చ్‌లోనో, పత్రిక, టీవీల్లోనో, లోన్లిచ్చే కంపెనీలోనో పనిచేస్తున్నారా అని. అవునంటే అక్కడితో ఆపేస్తారు. లోపలి సంగతులు తెలిసినవాళ్ళు మామూలు కస్టమర్‌లాగా మాట్లాడలేరు, పైగా కొత్త ప్లాన్ బయటికి పొక్కుతుందన్న భయం కూడా ఉంటుంది.

ఫ్రిజ్, కారు, చదువు అడిగేది మీ ఆస్తి లెక్కపెట్టడానికి కాదు. మన దేశంలో కుటుంబాలను తరగతులుగా విడదీయడానికి రీసెర్చ్ రంగం 2011లో ఎన్‌సీసీఎస్ అనే పద్ధతి తెచ్చింది. అందులో చూసేవి రెండే. ఇంట్లో ప్రధానంగా సంపాదించే మనిషి ఎంతవరకు చదివారన్నది ఒకటి, పదకొండు వస్తువుల్లో ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నది రెండోది. కరెంటు కనెక్షన్, సీలింగ్ ఫ్యాన్, గ్యాస్ పొయ్యి, బైకు, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్, కారు, ఏసీ, వ్యవసాయ భూమి, ఇవీ ఆ పదకొండు. ఈ రెండూ కలిపితే ఎ1 నుంచి ఇ3 దాకా ఒక గ్రేడు వస్తుంది. జీతం ఎంతని అడిగితే ఎవరూ ఉన్నమాట చెప్పరు. ఇంట్లో ఫ్రిజ్ ఉందా అంటే ఉందో లేదో చెప్పేస్తారు. అందుకే ఈ దారి పట్టారు. ఈమధ్య చదువుతోపాటు వృత్తిని చూసే కొత్త పద్ధతి కూడా వచ్చింది కాబట్టి మీ అమ్మాయి ఎంత చదివింది, ఇంటాయన ఏం పని చేస్తారు అని కూడా అడగవచ్చు. లేని ఏసీ ఉందని చెబితే మీ గ్రేడు మారి, మీలాంటివాళ్ళ కోసం పెట్టిన సీటు కాకుండా ఇంకొకరి సీటులో కూర్చుంటారు. నగరి, కుప్పం వైపైతే ఇంట్లో ఏ భాష మాట్లాడతారని కూడా తప్పకుండా అడుగుతారు. సగంమంది తమిళంలో, సగంమంది తెలుగులో మాట్లాడితే గ్రూప్ నడవదు.

అసలు ప్రశ్న మాత్రం ఎప్పుడూ సూటిగా ఉండదు. 'యాప్ లోన్ తీసుకున్నారా?' అని అడిగితే అందరూ అవుననే అంటారు కదా. అందుకని ఇలా అడుగుతారు: గత ఆరు నెలల్లో షాపు కోసం డబ్బు అవసరమైనప్పుడు వీటిలో ఏవి చేశారు? చీటీ పాడారా, బంగారం తాకట్టు పెట్టారా, వడ్డీకి తెచ్చారా, బ్యాంకులో ముద్ర లోన్ తీసుకున్నారా, పేమెంట్ యాప్‌లో తీసుకున్నారా, ఏదీ కాదా? వీటిలో ఏ జవాబు చెప్పినవాళ్ళు కావాలో వినేవాళ్ళకి తెలియదు. ఒక్కోసారి అసలు లేని యాప్ పేరు కూడా ఆ లిస్టులో కలుపుతారు, దాన్ని వాడానని అన్నవాళ్ళు అక్కడే దొరికిపోతారు. మీ అక్క జవాబు ముందే చెప్పేసి చేస్తున్న నష్టం ఇదే. అంత జాగ్రత్తగా రాసిన ప్రశ్న ఆమె నోట పడగానే పనికిరాకుండా పోతోంది.

చివర్లో ఒక వింత ప్రశ్న ఉండొచ్చు. 'మీ షాపులో ఒక్క మార్పు చేసుకోమంటే ఏం చేస్తారు?' లాంటిది. దానికి తప్పొప్పులుండవు. అవును, కాదు అనకుండా నాలుగు మాటలు మాట్లాడతారా లేదా అని మాత్రమే చూస్తారు.

అన్నీ సరిపోయినా మీ పేరు రాకపోవచ్చు. ఎనిమిది మంది గ్రూపులో నలుగురు ఆడవాళ్ళు కావాలనుకుంటే, ఆ నలుగురూ ముందే దొరికితే క్వోటా నిండిపోయినట్టే. ఎందుకు తీసుకోలేదో కారణం చెప్పరు. చెబితే తర్వాతి మనిషికి జవాబు తెలిసిపోతుంది. తీసుకోలేదంటే మీలో లోపమని కాదు.

'అంతకు మించి ఏమీ అడగరు' అన్నది మాత్రం నిజం కాదమ్మా. అక్క మీ పేరు పంపాక, ఆమెతో సంబంధం లేని ఇంకో మనిషి ఫోన్ చేసి అవే ప్రశ్నల్లో కొన్నింటిని అటూ ఇటూ మార్చి మళ్ళీ అడుగుతారు. దీన్ని బ్యాక్ చెక్ అంటారు. గ్రూప్ జరిగే చోట, లోపలికి పంపేముందు మళ్ళీ ఒకసారి అడుగుతారు. అప్పుడు జవాబు తేడా వస్తే వెనక్కి పంపిస్తారు. అలా పంపినప్పుడు డబ్బులిస్తారో లేదో గ్యారంటీ లేదు. షాపు మూసుకుని వెళ్ళి, ఆటో చార్జీలు పెట్టుకుని, ఉత్త చేతులతో తిరిగి రావాల్సి రావచ్చు.

ఇవన్నీ దాటి ఇంటర్వ్యూలో కూర్చున్నారనుకుందాం. మొదటి పది నిమిషాలు షాపు ఎప్పుడు పెట్టారు, ఏ సీజన్లో బేరం బాగుంటుంది అని మాట్లాడిస్తారు. అంతవరకు హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత, 'లోన్ తీసుకున్న రోజు ఏం జరిగిందో చెప్పండి' అంటారు. నిజంగా తీసుకున్నామెకి అది కళ్ళముందు ఉంటుంది. శ్రావణమాసం వస్తోంది, వరలక్ష్మీ వ్రతానికి బ్లౌజు పీసులు, లైనింగులు దింపాలి, చేతిలో డబ్బు లేదు, యాప్ తెరిచింది. ఈ లోన్లలో చాలావాటికి నెల వాయిదా ఉండదు, రోజు వాయిదా ఉంటుంది. ఉదాహరణకి అరవై వేలు తీసుకుంటే ఆరు నెలలపాటు రోజుకి 375 రూపాయలు, క్యూఆర్ మీద పడిన డబ్బులోంచే పట్టుకుంటారు. అంటే 180 రోజులకి 67,500 కట్టాలి. అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు, పంచమీతీర్థం నాడు ఆ 375 ఆమెకి తెలియను కూడా తెలియదు. ముహూర్తాలు లేని ధనుర్మాసంలో రోజుకి నాలుగైదు వందలు మాత్రమే క్యూఆర్ మీద పడితే, అందులో 375 పోతే గుండె గుభేల్మంటుంది. జ్వరమొచ్చి షాపు తెరవని రోజున ఏమయింది, బాకీ పెరిగిందా, ఫోన్ ఎవరు చేశారు, ఏమని మాట్లాడారు, ఇవన్నీ ఆమె చెప్పగలదు. 'ఒకసారి ఫోన్లో ఆ పేజీ చూపిస్తారా?' అంటే చూపించగలదు. మీరేం చూపిస్తారు?

దొరికిపోవడం గురించి మీకు టెన్షన్ ఉంటుంది, అది సహజం. నాకు అంతకంటే ఎక్కువ బాధ కలిగేది దొరక్కపోతే జరిగేదాని గురించి. ఇలాంటి స్టడీలో ఒక్కో వరసకి ఆరుగురో ఎనిమిది మందో ఉంటారు, అంతే. తక్కువమందితో సరిపెట్టడం తప్పు కాదు. ఒక స్క్రీన్‌లో జనం ఎక్కడెక్కడ ఇబ్బంది పడుతున్నారో తెలుసుకోవడానికి ఐదుగురు చాలని 2000లో జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు రాశారు, ఈ రంగంలో చాలామంది ఇప్పటికీ ఆ లెక్కనే పాటిస్తారు. అయితే ఆ ఐదుగురూ నిజంగా దాన్ని వాడేవాళ్ళయితేనే ఆ లెక్క పనిచేస్తుంది. వెయ్యి మంది సర్వేలో ఒక అబద్ధం కలిసిపోతుంది. ఆరుగురిలో ఇద్దరు తీసుకోని లోన్ గురించి 'రోజూ పట్టుకుంటే ఇబ్బందేం లేదండీ, తేలిగ్గానే ఉంది' అంటే, రిపోర్టులో ఆ మాట 'ఆరుగురిలో ఇద్దరికి సమస్య లేదు' అని ఎక్కుతుంది. సెలవు రోజున వాయిదా ఆపుకునే వీలు పెడదామా వద్దా అని ఆలోచిస్తున్న కంపెనీ, ఇది అంత అవసరమేమీ కాదని పక్కన పెట్టొచ్చు. ఆ భారం మోసేది మీ పక్క వీధిలో పూలకొట్టు పెట్టుకుని నిజంగా లోన్ కడుతున్న మనిషి. ఆమె రావాల్సిన సీటులోనే మీరు కూర్చుని ఉంటారు కూడా.

మీ దగ్గరున్న నిజం తక్కువదేమీ కాదు. లోన్ పేజీ తెరిచి చూశారు, ఎక్కడో ఆగిపోయారు. ఎక్కడ? రోజువారీ కటింగ్ అని చూడగానేనా? మొత్తం ఎంత కట్టాలో వెంటనే కనబడకనా? సెల్ఫీ, ఆధార్ అడిగేసరికా? ఇంట్లో అడిగితే వద్దన్నారా? సిబిల్ స్కోరు పాడవుతుందని ఎవరైనా చెప్పారా? చీటీ డబ్బు వచ్చేస్తుంది కదా అనుకున్నారా? లోన్ తీసుకున్న పదిమందిని కూర్చోబెట్టినా ఈ సంగతి తెలియదు. పేజీలో ఫలానా చోట వడ్డీ ఎంతో అర్థంకాక మూసేశానని మీరు చెప్పే ఒక్క మాటతో ఆ పేజీ తిరగరాయొచ్చు. మీ 1,500 రూపాయలు ఆ మాటకి.

సబ్బు గ్రూప్ సంగతి కూడా దాచకండి. చాలా స్టడీల్లో మూడు నెలలో, ఆరు నెలలో గడువు పెడతారు. కారణం ఏమిటంటే, తరచూ వెళ్ళేవాళ్ళకి ఏం మాట్లాడితే ప్రశ్నలడిగి గ్రూప్‌ని నడిపించే మోడరేటర్ తల ఊపుతారో అలవాటైపోతుంది. కొన్ని స్టడీల్లో అదే సరుకు మీద జరిగిన గ్రూపులకే ఈ గడువు, సబ్బుకి లోన్‌కి సంబంధం లేదు కాబట్టి మిమ్మల్ని తీసుకోవచ్చు. తీసుకోకపోతే గడువు అయ్యాక రావచ్చు. దాచి దొరికితే మాత్రం మీ ఫోన్ నంబరు పక్కన గుర్తు పెట్టుకుంటారు, ఇక ఆ ఏజెన్సీ నుంచి పిలుపు రాకపోవచ్చు.

డబ్బు విషయానికొస్తే, షాపు నడిపేవాళ్ళకి గంటకి 1,500 అన్నది నమ్మదగ్గ మొత్తమే. మన ఊళ్ళలో గృహిణులతో రెండు గంటల గ్రూప్ పెడితే సుమారుగా 500 నుంచి 1,000 దాకానో, ఆ విలువకి గిఫ్టో ఇస్తుంటారు. షాపు యజమానులు, ఒక ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు, డాక్టర్లు లాంటివాళ్ళకి ఇంకా ఎక్కువ. దొరకడం ఎంత కష్టమో, వాళ్ళ గంట ఎంత విలువైనదో దాన్నిబట్టి రేటు ఉంటుంది. విదేశీ వెబ్‌సైట్లలో ఏదైనా యాప్‌ని వాడి చూపించే ఇరవై నిమిషాల టెస్టుకి పది డాలర్ల దాకా, ఉద్యోగస్తులతో గంట మాట్లాడితే యాభై నుంచి వంద డాలర్ల దాకా కనిపిస్తాయి. కానీ వాటికి ధారాళంగా ఇంగ్లీషు రావాలి, ఎన్నో స్క్రీనర్లు నింపితే ఒకటి తగులుతుంది, నెల ఆదాయమని లెక్క వేసుకోలేం. ఎక్కడైనా సరే, ఇచ్చేది మీ టైముకి. మీ జవాబు వాళ్ళకి నచ్చినా నచ్చకపోయినా మొత్తం మారదు. 'బాగుందని చెబితే ఇంకో ఐదొందలు' అని ఎవరైనా అంటే అది రీసెర్చ్ కాదు.

వెళ్ళేముందు మూడు సంగతులు అక్కని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి: మొత్తం ఎంత, ఎప్పుడు, ఏ రూపంలో ఇస్తారు, పిలిచాక వద్దంటే ఏమిస్తారు, ప్రయాణం ఖర్చు అందులోనే కలిసుందా. గ్రూపులకి ఎనిమిది మంది కావాలంటే పదిమందిని పిలుస్తారు, ఒకరిద్దరు రాకపోతే ఇబ్బంది లేకుండా. టైముకి వచ్చి, మీ తప్పేమీ లేకుండా ఎక్కువైపోయినవాళ్ళకి పూర్తి డబ్బు ఇచ్చి పంపించడం మంచి ఏజెన్సీల పద్ధతి. డబ్బు ఇచ్చేటప్పుడు ఒక షీటు మీద సంతకం పెట్టిస్తారు. మీ పేరు ఎదురుగా ఎంత రాసుందో చూసి పెట్టండి. షీటులో 2,000 ఉండి చేతికి 1,500 వస్తే, అక్కడే ఉన్న ఏజెన్సీ మనిషిని మర్యాదగా అడగండి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే డబ్బు రావడానికి వారం, రెండు వారాలు పట్టవచ్చు.

మోసాన్ని పట్టుకోవడం దీనికంటే సులువు. నిజమైన రీసెర్చ్‌లో డబ్బు వాళ్ళ నుంచి మీకు వస్తుంది, ఒక్క రూపాయి కూడా మీ నుంచి వాళ్ళకి పోదు. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్, టెలిగ్రామ్‌లో టాస్కులు, మొదట నూట యాభై వేసి తర్వాత ఐదు వేలు కట్టమనడం, వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆపేయండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదు, ఓటీపీ అవసరం లేదు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంటర్వ్యూ రికార్డ్ చేస్తారు, దానికి ముందుగా మీ అనుమతి అడగాలి. ఫోన్ స్క్రీన్ చూపించమంటే అకౌంట్ నంబరు, బ్యాలెన్సు కనబడకుండా చూపించవచ్చు, ఇష్టం లేకపోతే వద్దని చెప్పవచ్చు, మధ్యలో లేచి రావచ్చు కూడా.

లోపల కూర్చున్నాక ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మనవాళ్ళకి మొహమాటం ఎక్కువ. ఎదురుగా ఉన్నావిడ టీ ఇచ్చి, అక్కా అని పలకరిస్తే, ఆమె చూపించింది బాగాలేదని చెప్పడానికి నోరు రాదు. మోడరేటర్ ఆ యాప్ తయారుచేసిన మనిషి కాదు, బాగాలేదంటే ఆమెకి నొప్పి కలగదు, రాసుకుంటుంది అంతే. 'ఇలాంటిది వస్తే వాడతారా?' అంటే వెంటనే వాడతానని అనేయకండి. పోయినసారి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు నేను ఇలా చేశాను అని జరిగిన సంగతే చెప్పండి. గ్రూపులో మొదట మాట్లాడినామె వెనకే అందరూ అవునవును అంటుంటారు. మీ అనుభవం వేరైతే 'నాకు అలా జరగలేదు' అనండి. గొడవ అవుతుందేమోనని సందేహించవద్దు, ఆ తేడా వినడానికే నలుగురిని పిలిచారు.

ఇంటర్వ్యూ కుదిరితే, ముందురోజు కూర్చుని ఆ లోన్ పేజీ మళ్ళీ చదువుకుని వెళ్ళకండి. అప్పుడు మీరు ఎక్కడ ఆగారో అదే చెదిరిపోతుంది. గుర్తున్నంత చెప్పండి, గుర్తులేనిది గుర్తులేదనండి. టైం అడిగితే బేరం తక్కువగా ఉండే మధ్యాహ్నం రెండు గంటలప్పుడు పెట్టమనండి. వీలైతే షాపుకే రమ్మనండి. ఇలాంటి స్టడీలకి షాపులో కూర్చుని మాట్లాడటం వాళ్ళకీ ఇష్టమే. మధ్యలో ఎవరైనా లైనింగ్ క్లాత్ కోసం వస్తే, వాళ్ళని ఆగమని, కొలిచి ఇచ్చి రండి.